“తప్పకుండా రావాలి”: సహోద్యోగిని సెలవు రోజున కలుద్దామని పిలిచిన ఒక కేసు

ఒక మందుల కర్మాగారంలో ఉద్యోగుల వ్యక్తిగత సమస్యలకు సలహాలిచ్చే సైకాలజిస్టుగా నేను చూసిన కేసు ఇది. సంబంధిత వ్యక్తి అనుమతితోనే రాస్తున్నాను. ఎవరూ పోల్చుకోకుండా కొన్ని వివరాలు మార్చాను. పైకి చూస్తే ఇది చాలా చిన్న విషయం. ఒకాయన తోటి ఉద్యోగిని ఆదివారం భోజనానికి పిలిచాడు, అతను రాలేదు, ఆ తర్వాత ఇద్దరి మధ్య మాటలు తగ్గిపోయాయి. అయితే పిలిచినవాడి మనసులో ఆప్యాయత తప్ప మరేమీ లేనప్పుడు కూడా ఆ పిలుపు అవతలివాడికి బరువుగా ఎలా మారుతుందో ఇంత స్పష్టంగా చూపించిన కేసు నాకు మరొకటి తారసపడలేదు.

నా దగ్గరికి వచ్చినాయన వయసు 36. సొంత ఊరు కోనసీమలో. భార్యతో, ఇద్దరు పిల్లలతో మియాపూర్‌లో కాపురం. పటాన్‌చెరు వైపున్న కర్మాగారంలో నాణ్యతా హామీ విభాగంలో, అక్కడివాళ్ల మాటలో క్యూఏలో, ఎగ్జిక్యూటివ్‌గా పనిచేస్తున్నారు. రెండో వ్యక్తి వరంగల్ ప్రాంతంవాడు, ఈయనకంటే నాలుగైదేళ్లు చిన్న, ప్రొడక్షన్‌లో అదే హోదాలో ఉన్నాడు. ఇద్దరూ ఒకే కంపెనీ బస్సు ఎక్కేవారు, పక్కపక్కనే కూర్చునేవారు, విరామంలో కలిసి టీ తాగేవారు. మొదటి సమావేశంలో ఆయన చెప్పిన ఫిర్యాదు ఒక్కటే: “ఈ ఊళ్లో మనుషులు కలవరండీ. మనం దగ్గరవుదామంటే వాళ్లు దూరం జరుగుతారు.”

జరిగినది జరిగినట్టుగా తెలుసుకోవడానికి ఆయన ఫోనులోని సందేశాలు వరుసగా చదివించుకున్నాను. ఇలాంటి కేసుల్లో జ్ఞాపకం మీద ఆధారపడటం ప్రమాదకరం. ఎందుకంటే పిలిచినవాడికి తన ఉద్దేశం గుర్తుంటుంది గానీ తన మాటలు గుర్తుండవు. మొదటి పిలుపు క్యాంటీన్‌లో, ఒకే బల్ల చుట్టూ ఏడెనిమిది మంది కూర్చుని ఉండగా వెళ్లింది: “ఈ ఆదివారం మీరు, మేడం గారు, బాబు మా ఇంటికి భోజనానికి రావాలి. మా ఆవిడ చేపల పులుసు పెడుతుంది. తప్పకుండా రావాలి.” అతను నవ్వి “చూద్దాం అన్నా” అన్నాడు. శుక్రవారం ఈయన సందేశం పంపారు: “ఆదివారం ఖాయమే కదా?” జవాబు: “పిలగానికి సర్ది అయింది అన్నా, చూస్తా.” శనివారం మళ్లీ ఈయన: “మందు వేశారా? రేపటికి తగ్గిపోతుందిలెండి. మటన్ కూడా తెప్పిస్తున్నాను.” దానికి జవాబు లేదు. ఆదివారం పదకొండు గంటలకు వచ్చిన సందేశం: “సారీ సార్, రాలేకపోతున్నం.” సోమవారం క్యాంటీన్‌లో ఈయన సరదాగానే “మా ఇంటి వంట మీకు నచ్చదనుకుంటా” అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అదే వారం “ఈ ఆదివారమైనా వస్తారా?” అని మరొక సందేశం. ఆ తర్వాత అతను బస్సులో వెనక సీట్లోకి మారాడు.

ఆ వరుసలో నన్ను ఆపిన చోటు ఒకటుంది. మొదట “అన్నా” అన్న మనిషి ఆదివారానికి “సార్” అన్నాడు. అదే కర్మాగారంలో ప్రొడక్షన్ వాళ్లు పనివేళల్లో క్యూఏ వాళ్లను సార్ అనే పిలుస్తారు. టీ దగ్గర మాత్రం అన్నా అనుకుంటారు. అంటే సందేశం రాసేనాటికి అతను ఈయనను టీ బల్ల దగ్గరి మనిషిగా కాక పనిలోని అధికారిగా చూడటం మొదలుపెట్టాడు. సంబంధం దగ్గరవుతోందా, బిగుసుకుంటోందా అని తెలుసుకోవడానికి మన భాషలో పిలుపు మారడం కంటే త్వరగా దొరికే ఆధారం లేదు. ఆయన దాన్ని అసలు గమనించలేదు.

ఒక కోరిక ఎదుటివారి మీద ఎంత బరువు వేస్తుందన్నది మూడు విషయాల మీద ఆధారపడుతుందని భాషా శాస్త్రవేత్తలు పెనెలొపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ 1987లో వెలువడిన తమ గ్రంథంలో ప్రతిపాదించారు. ఇద్దరి మధ్య ఉన్న అధికార భేదం, ఇద్దరి మధ్య ఉన్న దూరం, అడిగిన పని పరిమాణం అన్నవే ఆ మూడు. ఈ కేసును అంచనా వేయడానికి నేను ఆ మూడింటినే తీసుకున్నాను. అయితే మొదటిదాని దగ్గరే ఆయన నాతో విభేదించారు. “మా ఇద్దరిదీ ఒకే గ్రేడండీ, నేనేమీ అతనికి బాసును కాను” అన్నారు. హోదాల పట్టికలో అది నిజమే. కానీ మందుల తయారీలో ప్రతి బ్యాచికీ ఒక రికార్డు ఉంటుంది. ఏ పదార్థం ఎంత తూచారు, ఎప్పుడు కలిపారు, ఎంత ఉష్ణోగ్రతలో ఎంతసేపు ఉంచారు, ఎవరు సంతకం చేశారు అన్నవన్నీ ప్రొడక్షన్ వాళ్లు అందులో రాస్తారు. దాన్ని క్యూఏ చూసి ఆమోదించేదాకా ఆ బ్యాచి బయటికి పోదు. ఒక సంతకం తప్పినా, ఒక సమయం సరిపోకపోయినా క్యూఏ దాన్ని లోపంగా నమోదు చేయవచ్చు. అప్పుడు సంజాయిషీ రాసుకోవలసింది ప్రొడక్షన్ మనిషి. ఈయన పరిశీలించే రికార్డుల్లో అతని బ్యాచ్‌లు కూడా ఉన్నాయి. అతని దృష్టిలో ఆదివారం భోజనానికి రానన్నది సోమవారం తన రికార్డు తెరిచే మనిషితోనే. ఈయన ఎన్నడూ ఆ అధికారాన్ని దురుపయోగం చేయలేదని నేను నమ్ముతున్నాను. కానీ కాదన్నవాడికి ఆ నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది?

పని పరిమాణం విషయం సులువుగానే ఒప్పుకున్నారు. ఇద్దరు మగవాళ్లకు టీ దగ్గర ఏర్పడిన పరిచయాన్ని ఒక్కసారిగా రెండు కుటుంబాల పరిచయంగా మార్చే పిలుపు అది. అతని భార్యకు ఈయనెవరో తెలియదు. భోజనానికి వెళ్తే చేతిలో ఏదో ఒకటి పట్టుకెళ్లాలి, మూడు నాలుగు గంటలు కూర్చోవాలి, తర్వాత ఎప్పుడో ఒకప్పుడు వాళ్లను తిరిగి పిలవాలి. చేపల పులుసు వండుతున్నారని ముందే చెప్పడం, మటన్ తెప్పించానని చెప్పడం ప్రేమతో చేసినవే అయినా, రాకపోతే ఖర్చూ శ్రమా వృథా చేసినవాడవుతాననే అప్పును ముందుగానే అతని ఖాతాలో రాశాయి.

ఇక్కడ ఆయన పెరిగిన పద్ధతి గురించి మాట్లాడుకోవలసి వచ్చింది. గోదావరి జిల్లాల్లో ఒక్కసారి పిలిచి ఊరుకోవడమంటే పిలవకపోవడంతో సమానం. పెళ్లికి బొట్టు పెట్టి పిలవాలి, మళ్లీ ఫోను చేసి గుర్తుచేయాలి, బయలుదేరారా అని అడగాలి. విస్తరి ముందు కూర్చున్న అతిథి వద్దన్నా మరో గరిటె వడ్డించాలి. అతిథి మొదటిసారి వద్దనడం మర్యాద, గృహస్థు బలవంతం చేయడం మర్యాద. ఆ ఏర్పాటు అక్కడ బాగానే నడుస్తుంది. కారణం, ఇద్దరికీ ఆ వరుస తెలుసు. చుట్టరికం ముందే ఉంది. రాకపోతే పోయేదేమీ లేదు, మహా అయితే ఒక నిష్ఠూరం. ఆయన సరిగ్గా ఆ మర్యాదనే, చుట్టరికమూ లేని, రికార్డుల మీద అధికారం మాత్రం ఉన్న చోట అమలు చేశారు. ఆయన చేసింది మొరటుతనం కాదు, చోటు తప్పిన మర్యాద. ఇది నేను ఆయనకు స్పష్టంగా చెప్పాను. ఎందుకంటే తనను మొరటువాడనుకుంటున్నారని భావించే మనిషి ఇక ఎవరినీ పిలవడమే మానేస్తాడు.

అతను కాదన్నట్టు తనకు తెలియలేదని, తెలిసి ఉంటే మళ్లీ అడిగేవాణ్ని కాదని ఆయన వాదన. దీని మీద సెలియా కిట్జింగర్, హన్నా ఫ్రిత్ 1999లో ప్రచురించిన వ్యాసం నాకు చాలా కాలంగా ఉపయోగపడుతోంది. మనుషులు రోజువారీ మాటల్లో కాదన్న మాట వాడకుండానే కాదంటారని, కాస్త ఆగడం, సాగదీయడం, ఒక కారణం చెప్పడం, సగం ఒప్పుకున్నట్టు మాట్లాడటం ద్వారానే ఆ పని జరుగుతుందని, వినేవారికి అది సాధారణంగా అర్థమవుతుందని వాళ్లు వాదించారు. మన దగ్గర “చూద్దాం”, “చూస్తానండీ”, “ఇంట్లో అడిగి చెప్తా”, “ఇంకోసారి తప్పకుండా” అన్నవి ఆ పనే చేస్తాయి. నేను ఆయనను ఒక ప్రశ్న అడిగాను. సంబంధం నచ్చని పెళ్లిచూపుల తర్వాత అవతలివాళ్లు “ఆలోచించుకుని చెప్తాం” అంటే మీకేం అర్థమవుతుంది? ఆయన నవ్వేశారు. అర్థం కావడంలో లోపం లేదు. వినాలని లేకపోవడమే లోపం.

అయితే ఆ సందేశాలన్నింటిలోకీ ఎక్కువ హాని చేసింది శనివారం నాటిది. బాబుకు జలుబని అతను కారణం చెప్పాడు. ఈయన ఆ కారణాన్ని పరిష్కరించారు: మందు వేశారా, తగ్గిపోతుందిలెండి. చెప్పిన కారణం చెల్లకపోతే అవతలి మనిషికి మిగిలేవి మూడే దారులు. ఇంకా పెద్ద కారణం వెతకాలి, లేదా మౌనంగా ఉండాలి, లేదా ఇష్టం లేకుండానే రావాలి. అతను మౌనం ఎంచుకున్నాడు. ఎవరైనా రాలేనని చెప్పిన కారణం నిజమా, సాకా అన్నది పిలిచినవాడు తేల్చవలసిన విషయమే కాదు. నిజమైతే రాలేడు, సాకైతే రావాలని లేదు. రెండింటి ఫలితమూ ఒకటే. కారణాన్ని తలుపుగా కాక తాళంగా చూసి తాళంచెవి వెతకడం మొదలుపెట్టినప్పుడే పిలుపు ఒత్తిడిగా మారుతుంది.

ఆయన వెంటనే క్షమాపణ సందేశం పంపుతానన్నారు. నేను వద్దన్నాను. “మిమ్మల్ని ఇబ్బంది పెట్టినందుకు సారీ” అన్న సందేశానికి “అయ్యో, అదేం లేదన్నా” అని అతను జవాబివ్వక తప్పదు. అంటే ఈయన మనశ్శాంతి కోసం అతను మరొకసారి మొహమాటపడాలి. దానికి బదులు కొన్ని వారాలు ఏ పిలుపూ లేకుండా మామూలుగా ఉండమన్నాను. బస్సులో ఎక్కడ కూర్చున్నా పలకరించి ఊరుకోవాలి. టీ దగ్గర కనిపిస్తే మాట్లాడాలి, కనిపించకపోతే ఎందుకు రాలేదని అడగకూడదు. అతని రికార్డులు అందరి రికార్డుల్లాగే, అంతే వేగంగా, అంతే కచ్చితంగా చూడాలి. మంచి చేసుకోవడానికి చూసీచూడనట్టు వదిలేయడం కూడా ఒత్తిడే, పైగా వృత్తి ధర్మానికి విరుద్ధం. ఈ చివరి మాట ఆయనకు నేను చెప్పనవసరం లేకపోయింది. క్యూఏలో పన్నెండేళ్లు పనిచేసిన మనిషి అందుకు ఒప్పుకోరు.

కాదన్న తర్వాత జరిగే నష్టాన్ని మనుషులు ఉన్నదానికంటే ఎక్కువగా ఊహించుకుంటారని జూలియన్ గివి, కాలీన్ కర్క్ చేసిన ప్రయోగాలు చూపించాయి; అవి 2023లో వెలువడ్డాయి. రానన్నవాడు అవతలివాళ్లకు కోపం వస్తుందని, ఇక పిలవరని భయపడతాడు. పిలిచినవాడు నిజంగా అంత పట్టించుకోడు. మన కేసులో ఆ భయాన్ని సోమవారం నాటి పరిహాసం నిజం చేసింది. అందుకే మామూలుగా ఉండమన్న ఆ వారాలు ఖాళీ సమయం కాదు. కాదన్నా ఏమీ కాలేదన్న సంగతిని మాటలతో చెప్పలేము; అవతలి మనిషి రోజూ చూసి తెలుసుకోవాలి. నెల తిరిగేసరికి అతను మళ్లీ టీ దగ్గరికి రావడం మొదలుపెట్టాడు.

రెండో పిలుపును మేమిద్దరం కూర్చుని తయారుచేశాం. ముందుగా దేనికి పిలవాలన్నది తేల్చుకోవలసి వచ్చింది. అతనికి మిద్దె తోట అంటే ఇష్టమని, కుండీల్లో నిమ్మ, కరివేపాకు, టమాటా పెంచుతాడని టీ దగ్గరి మాటల్లో ఈయనకు తెలుసు. ఆ రోజుల్లోనే నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజాలో నర్సరీ మేళా జరుగుతోంది. ఈయనకు కూడా బాల్కనీలో రెండు మొక్కలు పెట్టుకోవాలని ఉంది. అందుకే అతను వచ్చినా రాకపోయినా ఈయన వెళ్లే పనిగానే దీన్ని పెట్టుకున్నాం. నా దృష్టిలో మొత్తం ఏర్పాటుకు ఇదే వెన్నెముక. అతను రాకపోతే ఆగిపోయే కార్యక్రమమైతే దాని భారం అతనిదవుతుంది. ఎలాగూ జరిగేదైతే అతను చేరవచ్చు, చేరకపోవచ్చు. మేళా బహిరంగ స్థలం, భార్యాపిల్లల ప్రస్తావన లేదు, తిండి ఏర్పాట్లు లేవు, చూడటం అయిపోగానే ఎవరి దారిన వారు వెళ్లవచ్చు.

కలిసి వెళ్దామని ఆయన అన్నారు. తన బండి మీద తీసుకెళ్లి తీసుకొస్తే అతనికి శ్రమ ఉండదని ఆలోచన. నేను ఒప్పుకోలేదు. ఎదుటివారి బండి ఎక్కిన మనిషికి మధ్యలో వెళ్లిపోయే వీలుండదు. మియాపూర్ నుంచి ఖైరతాబాద్ దాకా మెట్రో ఉంది, అక్కడి నుంచి ఆటోకు దగ్గరే. కాబట్టి అక్కడే కలిసే ఏర్పాటైతే అతను ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి, ఎప్పుడు కావాలంటే అప్పుడు పోవచ్చు.

ఎప్పుడు, ఎలా అడగాలన్నది తర్వాతి ప్రశ్న. ముఖాముఖి అడిగితే ఆప్యాయంగా ఉంటుందని ఆయన భావించారు. నిజానికి ముఖాముఖిలోనే కాదనడం చాలా కష్టం. మహ్‌దీ రోఘనీజాద్, వనెస్సా బోన్స్ 2017లో ప్రచురించిన అధ్యయనంలో అపరిచితులను ఒక చిన్న సర్వే నింపమని అడిగినప్పుడు, ఈమెయిలుతో పోలిస్తే ఎదురుగా అడిగితే ఒప్పుకున్నవాళ్లు 34 రెట్లు ఎక్కువ. అడిగినవాళ్లు మాత్రం ఆ తేడాను ముందుగా ఊహించలేకపోయారు. ఎక్కువమంది ఒప్పుకునే పద్ధతి కావాలనుకునేవారికి అది మంచి వార్త. మాకు కావలసింది ఒప్పుకోలు కాదు, ఇష్టపడి రావడం. కాబట్టి మేము సందేశాన్నే ఎంచుకున్నాం. అతని బ్యాచి రికార్డు ఏదీ ఈయన బల్ల మీద లేని వారం చూసుకుని, బుధవారం సాయంత్రం బస్సు దిగాక పంపాలనుకున్నాం. శనివారం రాత్రి పంపితే ఆలోచించుకునే వ్యవధి ఉండదు. రెండు వారాల ముందు పంపితే ఖాళీ లేదని చెప్పడానికే వీలుండదు.

ఆయన రాసిన మొదటి చిత్తుప్రతి “అన్నా, ఈ ఆదివారం ఖాళీయేనా?” అని మొదలైంది. దేనికో చెప్పకుండా ఖాళీయా అని అడగడం బోను తలుపు తెరిచి పెట్టడమే. ఖాళీయే అన్నాక విషయం తెలిస్తే ఇక రానని చెప్పడానికి సాకు మిగలదు. రెండో చిత్తులో విషయం ముందుకు వచ్చింది గానీ చివర “మీకు ఎప్పుడు వీలైతే అప్పుడే వెళ్దాం” అని ఉంది. వినడానికి ఉదారంగా ఉన్న ఆ వాక్యం అన్నింటికంటే ఇరుకైనది. ఒక ఆదివారం కుదరదని చెప్పవచ్చు. ఏ ఆదివారమూ కుదరదని ఎవరు చెప్పగలరు? తేదీ నిర్దిష్టంగా ఉంటేనే కాదనడం సులువు. చివరికి పంపిన సందేశం ఇది:

“అన్నా, ఆదివారం పొద్దున పదింటికి పీపుల్స్ ప్లాజాలో నర్సరీ మేళాకు వెళ్తున్నా, బాల్కనీకి రెండు మొక్కలు కొందామని. ఒక గంట ఉంటా. మీకు మొక్కలంటే ఇష్టం కదా అని చెప్తున్నా. వద్దామనిపిస్తే అక్కడే కలుద్దాం.”

“మీ ఇష్టం అన్నా, బలవంతం ఏమీ లేదు” అని చివర చేర్చాలని ఆయన పట్టుబట్టారు. దాని మీద కాస్త ఎక్కువసేపే మాట్లాడుకున్నాం. ఒప్పుకోవడం, మానడం మీ ఇష్టం అని చేర్చి అడిగితే ఎక్కువమంది ఒప్పుకుంటారని ఫ్రాన్స్‌లో నికోలా గెగెన్, అలెగ్జాండర్ పాస్కల్ 2000లో ప్రకటించారు. గెగెన్ ఇతర పరిశోధనల మీద తర్వాత గట్టి సందేహాలు వచ్చాయి గానీ, ఈ ఒక్క అంశం మీద జరిగిన 42 అధ్యయనాలను క్రిస్టఫర్ కార్పెంటర్ 2013లో కలిపి చూసినప్పుడు కూడా ప్రభావం కనిపించింది. అంటే స్వేచ్ఛను ప్రకటించే మాట కొన్నిసార్లు ఒప్పించే సాధనంగా పనిచేస్తుంది. నిధుల సేకరణకు వెళ్లేవారికి అది నేర్పుతారు కూడా. బలవంతం లేదని చెప్పినంత మాత్రాన బలవంతం పోదు. పైగా ఆ మాట విన్నవాడు ఇక్కడ బలవంతం ఉండే వీలుందని గుర్తుచేసుకుంటాడు. మా సందేశంలో ఆ స్వేచ్ఛ ఏర్పాటులోనే ఉంది. ఎవరు వచ్చినా రాకపోయినా ఈయన వెళ్తాడు, గంటలో అయిపోతుంది, దారి ఎవరిది వారిది. జవాబిమ్మని కూడా అడగలేదు. నేను ఆ వాక్యం తీసేయమన్నాను, ఆయన అయిష్టంగానే తీసేశారు.

పంపాక చేయకూడని పనులే ఎక్కువ. రెండు నీలి టిక్కులు పడ్డాయా అని చూసుకోకూడదు, చూసినా మాట్లాడకూడదు. మరుసటి రోజు బస్సులో “మెసేజ్ చూశారా?” అనకూడదు. ఆయనకు ఇది అన్నింటికంటే కష్టమైన భాగం. గురువారం ఇద్దరూ టీ తాగారు, మేళా ప్రస్తావన రాలేదు. శుక్రవారం రాత్రి జవాబు వచ్చింది: “ఈ ఆదివారం ఊరికి పోతున్నం అన్నా. మంచి నిమ్మ అంట్లు ఉంటయంట, చూడుండ్రి.”

ఆయన నాకు ఫోను చేసి, మళ్లీ కాదన్నాడని నిరాశగా చెప్పారు. నాకు అలా అనిపించలేదు. మొదటిసారి వచ్చిన “రాలేకపోతున్నం”లో సార్ ఉంది, రెండోదానిలో అన్నా ఉంది. మొదటిదానిలో క్షమాపణ మాత్రమే ఉంది, రెండోదానిలో ఒక సలహా ఉంది. రానని చెప్తూనే మాటను కొనసాగించినవాడు మనిషిని వద్దనడం లేదు. అలాగని అది ఒప్పుకోలు కూడా కాదు, దానికి తగిన జవాబు “సరే అన్నా, చూస్తా. ఊరికి జాగ్రత్తగా వెళ్లి రండి” అన్నదే. వచ్చే ఆదివారం వెళ్దామని రాయాలనే ఆయన కోరికను ఆపవలసి వచ్చింది. ఆ ఆదివారం ఆయన ఒక్కరే వెళ్లి రెండు మొక్కలు కొన్నారు. అతనికి కూడా ఒక నిమ్మ అంటు తీసుకెళ్లి ఇవ్వవచ్చా అని మేళా నుంచే అడిగారు. వద్దని చెప్పాను. రానన్నవాడి చేతిలో బహుమతి పెడితే రానన్నందుకు అతను రుణపడతాడు. ఏ అంట్లు ఎంతకు అమ్ముతున్నారో చూసి వస్తే చాలు.

సోమవారం టీ దగ్గర అతనే అడిగాడు. రకాల గురించి, ధరల గురించి మాట్లాడుకున్నారు. తన కుండీల్లో ఎర్రమట్టి ఎంత, కంపోస్టు ఎంత కలుపుతాడో చెప్పాడు. రెండు మూడు వారాల తర్వాత ఈయన కొన్న మొక్క ఆకులు ముడుచుకుంటున్నాయని చెప్తే, ఫొటో పంపమన్నాడు. ఆ తర్వాత ఒక ఆదివారం మియాపూర్‌కు ఏదో పని మీద వచ్చినవాడు ఫోను చేసి, పది నిమిషాలు ఆగి మొక్కను చూసి పోతానన్నాడు. ఆయన భార్య భోజనం చేసి వెళ్లమన్నారట. ఆయనే ఆమెను ఆపి టీతో సరిపెట్టారట. ఇది నేను చెప్పిన సలహా కాదు, ఆయన సొంతంగా చేసిన పని. అందుకే దీన్ని ఈ కేసులో ప్రధానమైన మార్పుగా నమోదు చేశాను.

ఎన్నిసార్లు పిలవవచ్చన్న ప్రశ్న ఆయన పదేపదే అడిగారు. స్నేహం విషయంలో నేను పాటించే కొలత ఇది: ప్రత్యామ్నాయమేదీ సూచించకుండా వేర్వేరు సందర్భాల్లో రెండుసార్లు కాదంటే ఇక పిలవడం ఆపేసి, అవతలి నుంచి వచ్చేదాకా మామూలుగా ఉండాలి. “ఈ వారం కుదరదు, వచ్చే శనివారమైతే వస్తా” అన్నది కాదనడం కాదు. ప్రేమ ఉద్దేశంతో పిలిచే సందర్భమైతే కొలత ఇంకా బిగుతుగా ఉండాలి. ఫేస్‌బుక్, గూగుల్ సంస్థల్లో ఉద్యోగి సహోద్యోగిని అలా ఒక్కసారే అడగవచ్చని, ఖాళీ లేదన్న అస్పష్టమైన జవాబును కూడా కాదన్నట్టే లెక్కించాలని నియమం ఉన్నట్టు 2018లో వార్తలు వచ్చాయి. మన దేశంలో పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో వచ్చింది. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. టీకి పిలవడం దానికింద నేరమేమీ కాదు. కానీ ఆ చట్టంలోని నిర్వచనం ఇష్టం లేని ప్రవర్తన అన్న మాట మీద నిలబడి ఉంది కాబట్టి, ఆమె వద్దన్నాక లైంగిక ఉద్దేశం ధ్వనించేలా మళ్లీ మళ్లీ చేసిన పిలుపుకు “నా ఉద్దేశం మంచిదే” అన్న జవాబు సరిపోదు. మహిళా సహోద్యోగిని కేవలం స్నేహంగానే పిలవాలనుకునే పురుషులకు నేను చెప్పేది, మొదటి కొన్నిసార్లు మరో ఇద్దరు ముగ్గురు ఉండే కార్యక్రమాలకు, పగటి వేళ, అందరికీ ఒకే సందేశంగా పిలవమని. తన కింద పనిచేసేవారిని ఒంటరిగా పిలవాలనుకునే అధికారులకు మాత్రం అసలు పిలవవద్దనే చెప్తాను.

ఈ కేసులో నేను విన్నది ఒక పక్షం మాత్రమే. అతను నిజంగా ఏమనుకున్నాడో నాకు తెలియదు. సందేశాల నుంచి, సీటు మారడం నుంచి, పిలుపు మారడం నుంచి ఊహించినదే. అతనికి సెలవు రోజున సహోద్యోగులను కలవడమే ఇష్టం లేకపోయి ఉండవచ్చు, మొక్క వంకతో ఒక మినహాయింపు ఇచ్చి ఉండవచ్చు. కుటుంబాల భోజనం నేను కేసు ముగించేనాటికి జరగలేదు, ఆయన ఆ ప్రస్తావన మళ్లీ తేలేదు. కాన్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ 2018లో వెలువరించిన లెక్కల ప్రకారం పరిచయస్తులు మామూలు స్నేహితులు కావడానికి సుమారు 50 గంటలు, స్నేహితులు కావడానికి 90 గంటలు, ఆప్తులు కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలి. కలిసి పనిచేసిన గంటలు అందుకు అంతగా అక్కరకు రాలేదు. ఆ అంకెలు అమెరికాలోని వ్యక్తులవి, వాటిని మన కర్మాగారాలకు యథాతథంగా వర్తింపజేయలేం. అయినా మూడు గంటల భోజనంతో ఆప్తుణ్ని సంపాదించాలనుకున్న మనిషికి ఆ లెక్క చెప్పినప్పుడు కొంత ఊరట కలిగింది.

చివరి సమావేశంలో ఆయనే ఒక విషయం ఎత్తారు. అతనితో మాటలు పెరిగాక, అతని రికార్డులో ఒక సమయం కొట్టివేసి మళ్లీ రాసి ఉండటం చూసినప్పుడు ఒక్క క్షణం చెయ్యి ఆగిందట. లోపాన్ని నియమం ప్రకారమే నమోదు చేశారు, అతను సంజాయిషీ రాశాడు, టీ దగ్గర ఇద్దరూ దాని గురించి మాట్లాడలేదు. మరుసటి వారం ఆయన తన సెక్షన్ హెడ్‌ను కలిసి, ఆ ప్రొడక్షన్ బ్లాక్ రికార్డుల పరిశీలన తనకు బదులు మరొకరికి ఇవ్వమని అడిగారు. హెడ్ కారణం అడిగితే, అక్కడ తనకు తెలిసినవాళ్లున్నారని చెప్పారు.